సారాంశం వేరు, ప్రధాన భావం వేరు: ‘దేశభక్తి’ గేయంపై పది మార్కుల సమాధానం

ప్రశ్న: సార్, నమస్కారం. మాది ప్రొద్దుటూరు. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ‘దేశభక్తి గేయంలోని ప్రధాన భావాన్ని వివరించండి’ అన్న పది మార్కుల ప్రశ్నకు గేయం మొత్తానికీ వరుసగా అర్థం రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. అయిదు మార్కులే వేశారు. తప్పులు లేవు, చేతిరాత కూడా బాగానే ఉంటుంది. ప్రధాన భావం అంటే ఇంకేమి రాయాలి? పేరాలు ఎలా విడగొట్టాలి?

జవాబు:

అయిదు వేసినవారు అన్యాయం చేయలేదమ్మా. కర్నూలులో చాలాకాలం డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పాను, జవాబు పత్రాలు దిద్దాను కాబట్టి ఆ బల్లకు అవతలివైపు నుంచి చెబుతున్నాను. కవి ఏమేమి చెప్పాడో వరుసగా రాస్తే అది సారాంశం. అవన్నీ కలిసి ఏ ఒక్క మాటను నిలబెడుతున్నాయో చూపిస్తే అది ప్రధాన భావం. సారాంశంలో గేయం అర్థమైందని తెలుస్తుంది, దానికి సగం మార్కులు వస్తాయి. మిగతా సగం, నువ్వు ఆ గేయం గురించి ఆలోచించావని తెలిస్తేనే వస్తుంది.

ముందుగా ఒక సంగతి. ఈ గేయ ప్రధాన భావం ఏమిటని తరగతిలో అడిగితే అందరూ ఒకే గొంతుతో ‘దేశభక్తి సార్’ అంటారు. అది గేయం పేరు, గేయం మాట్లాడే విషయం. భావం కాదు. దేశభక్తి గురించి గురజాడ ఏమంటున్నాడు అన్నది భావం. దాన్ని ఒక పదంలో చెప్పలేము. క్రియతో ముగిసే పూర్తి వాక్యం కావాలి. ఆ వాక్యాన్ని విన్నవాడు ‘కాదు, నేను ఒప్పుకోను’ అనడానికి కూడా వీలుండాలి. ‘దేశాన్ని ప్రేమించాలి’ అంటే ఎవరు కాదంటారు? ఎవరూ కాదనని మాట పట్టుకుని రెండు పేజీలు రాయబోతే రెండో పేరాకే సరుకు అయిపోతుంది. అప్పుడు చేయి దానంతట అదే ప్రతిపదార్థంలోకి జారుతుంది. నీ నాలుగు పేజీలు అలా వచ్చినవే అని నా అనుమానం.

మరి ఆ వాక్యాన్ని ఎలా పట్టుకోవాలి? జవాబు పత్రం చివరి పుటలో ‘చిత్తు’ అని రాసి మధ్యలో నిలువుగా ఒక గీత గీయి. ఎడమవైపు కవి వద్దన్నవి, కుడివైపు కవి కావాలన్నవి. అంతే. గేయం నోటికి వచ్చి ఉంటే దీనికి మూడు నాలుగు నిమిషాలు చాలు. ఎడమవైపు ఇవి వస్తాయి: వట్టి మాటలు, వట్టి గొప్పలు, వెనుక చూడటం, కత్తి వైరం, ఓర్వలేమి, చివరికి మట్టి. కుడివైపు: గట్టి మేలు, పాడిపంటలు, తిండి, కండ, కళలు, దేశి సరుకులు, డబ్బు, చదువులో పోటీ, పొరుగువాడికి తోడు, ఐకమత్యం, మనుషులు.

ఇప్పుడు ఆ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడు. ఎడమవైపు ఉన్నవాటితో ఎవరి కడుపూ నిండదు. కుడివైపు ఉన్నవన్నీ ఎవరో ఒక మనిషికి ఏదో ఒక విధంగా ఉపయోగపడేవి. కవి ఎత్తుగడలోనే ఈ తేడాను ప్రాసలో బిగించాడు:

వట్టి మాటలు కట్టిపెట్టోయ్
గట్టి మేల్ తలపెట్టవోయ్!

ఆ ‘మేల్’ను అక్కడితో వదలలేదు. ‘పూని యేదైనాను వొక మేల్ కూర్చి జనులకు చూపవోయ్’ అన్నాడు. ‘ఒరుల మేలుకు సంతసిస్తూ’ అన్నాడు. ‘ఒకరి మేల్ తన మేలనెంచే నేర్పరికి మేల్ కొల్లలోయ్’ అన్నాడు. ఒక కవి ఒక మాటను ఇన్నిసార్లు పట్టుకువచ్చాడంటే నీ వాక్యంలో దానికి చోటు ఉండి తీరాలి. ఇలా చూసుకుంటే వాక్యం దాదాపు తనంతట తానే వస్తుంది:

దేశమంటే భూమి కాదు, అందులో బతికే మనుషులు. కాబట్టి దేశభక్తి అంటే ఆ మనుషులకు మేలు జరిగేలా పని చేసి సంపద పెంచడం, ఆ మేలుకు అడ్డుపడే ఓర్వలేమినీ వైరాన్నీ విడిచి కలిసి నడవడం.

నీ మాటల్లో ఇంకోలా రావచ్చు, ఇదే రాయమని కాదు. కానీ ఇందులో మూడు అంగాలు ఉన్నాయని గమనించు. దేశం అంటే మనుషులు. ఆ మనుషుల కోసం పని, సంపద. ఆ పనికి అడ్డు తొలగాలంటే ఐకమత్యం. నీ జవాబు నడుమ భాగంలో మూడు పేరాలు ఎక్కడినుంచి వస్తాయో తెలిసింది కదా. పేరాలు గేయంలోని చరణాల నుంచి రావు, నీ వాక్యంలోని అంగాల నుంచి వస్తాయి. అసలు కిటుకు ఇదే.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్’ అన్న చరణం గేయంలో చాలా తర్వాత వస్తుంది. గేయం వరుసనే పట్టుకుని రాస్తే, నీ జవాబులో ఆ మాట మూడో పేజీకి గానీ రాదు. దిద్దేవారు అప్పటిదాకా నీ వాదం ఏమిటో తెలియకుండానే చదువుతుంటారు. గేయం నిర్మాణం కవిది, జవాబు నిర్మాణం నీది. మొదటి అంగానికి ఆధారం ఎక్కడో చివర ఉన్నా సరే, దాన్ని ముందుకు తెచ్చుకో.

ఉపోద్ఘాతం గురించి ఎక్కువ చెప్పను. నాలుగైదు వాక్యాలు చాలు: కవి గురజాడ అప్పారావు (1862–1915), గేయం 1910 నాటిది, 1905 బెంగాల్ విభజన తర్వాత వందేమాతరం, స్వదేశీ ఉద్యమాల వేడి ఇంకా ఉన్న కాలం. ఆ వెంటనే నీ వాక్యం. కవి జననం, తల్లిదండ్రులు, ఉద్యోగాలు, బిరుదులు, ఇతర రచనలు అని ఒక పేజీ నింపడం మన పిల్లలకు పాత అలవాటు. ప్రశ్న కవి పరిచయం కాదు కాబట్టి ఆ పేజీకి మార్కు లేదు. కాలాన్ని చెప్పమన్నది కూడా ఊరికే కాదు. ఊరేగింపులు, నినాదాలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక కవి ‘వట్టి మాటలు కట్టిపెట్టోయ్’ అన్నాడు. ఆ కాలం తెలిస్తేనే ఆ మాటకు పదును తెలుస్తుంది.

ఇప్పుడు నడుమ పేరా ఒకటి పూర్తిగా రాసి చూపిస్తాను. రెండో అంగాన్ని తీసుకుంటాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా జారిపోయేది అక్కడే. నాకు తరచు కనబడే పేరా ఇలా ఉంటుంది:

“పాడిపంటలు పొంగిపొర్లే దారిలో పాటుపడాలని కవి చెప్పాడు. తిండి ఉంటే కండ ఉంటుందని, కండ ఉన్నవాడే మనిషని చెప్పాడు. మనుషులు ఈసురోమని ఉంటే దేశం బాగుపడదని చెప్పాడు. కళలు నేర్చుకుని దేశి సరుకులు నింపాలని చెప్పాడు. అన్ని దేశాలకు వెళ్లి అమ్మాలని కూడా చెప్పాడు.”

అన్నీ నిజాలే. కానీ ఇది గేయాన్ని వచనంలోకి మార్చడం. ‘చెప్పాడు’ అయిదుసార్లు వచ్చింది, ‘ఎందుకంటే’ ఒక్కసారీ రాలేదు. అదే విషయాన్ని ఇలా రాసి చూడు:

“దేశభక్తికి గురజాడ వేసిన మొదటి మెట్టు ఆకలి తీరడం. ‘తిండి కలిగితె కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్’ అనడంలో ఒక వరుస ఉంది: తిండి వల్ల బలం, బలం వల్ల మనిషితనం. అలాంటి మనుషులు లేనప్పుడు దేశం మాత్రం ఎలా బాగుపడుతుందని ‘ఈసురోమని మనుషులుంటే దేశమే గతి బాగుపడునోయ్’ అన్న చరణంలో నిలదీశాడు. అందుకే దేశభక్తుడికి ఆయన అప్పగించిన పనులు సాగు, చేతిపని, వ్యాపారం. డబ్బు సంపాదించలేనివారికి కీర్తి కూడా దక్కదనడానికి ఆయన సంకోచించలేదు. దేశమంటే మనుషులే అయినప్పుడు వారి కడుపు నింపే పనే దేశసేవ అవుతుంది.”

తేడా ఎక్కడుందో చూడు. మొదటి వాక్యం గేయంలోని మాట కాదు, నీ నిర్ణయం. తర్వాత ఒకటి రెండు పాదాలు ఉటంకింపు, నిర్ణయానికి సాక్ష్యంగా. ఉటంకించిన వెంటనే దానిలో నువ్వు చూసినది ఏమిటో చెప్పాలి. ఇక్కడ అది ‘ఒక వరుస ఉంది’ అన్న మాట. చివరి వాక్యం ఉపోద్ఘాతంలోని పెద్ద వాక్యానికి ముడి వేస్తుంది. ఆ ముడి లేకపోతే పేరా ఎంత బాగున్నా తాడు తెగిన కడవలా మధ్యలోనే ఉండిపోతుంది.

డబ్బు ప్రస్తావన కావాలనే పెట్టాను. ‘డబ్బు తేలేనట్టి నరులకు కీర్తి సంపద లబ్బవోయ్’ అన్న పాదాన్ని చాలామంది దాటేస్తారు. దేశభక్తి గేయంలో డబ్బేమిటని మొహమాటం కాబోలు. ఇబ్బందిగా అనిపించే పాదమే సాధారణంగా కవి ప్రత్యేకతను పట్టిస్తుంది. ఎవరైనా రాయగలిగే మాటల పక్కన ఈయన మాత్రమే రాసిన మాట అది. అలాంటిది కనిపిస్తే వదలకు.

ఈ పేరాలోనే మనవైపు పిల్లలకు ఒక బలహీనత ఉంది. ‘ఈసురోమని మనుషులుంటే’ అనగానే అనంతపురం కరువు, ఎండిపోయిన వేరుశనగ, వలసలు గుర్తుకొస్తాయి. సగం పేజీ అదే రాస్తారు. మనసు అటు పోవడం సహజమే, నేను తప్పు పట్టను. కానీ ప్రశ్న గేయం గురించి. ఒక్క వాక్యం, అదీ ఉటంకించిన పాదానికి అంటిపెట్టుకుని ఉంటే చాలు. రెండో వాక్యం నుంచి అది వేరే వ్యాసం అవుతుంది.

మూడో అంగం, ఐకమత్యం. ఇక్కడే మంచి జవాబు నుంచి చాలా మంచి జవాబు విడిపోతుంది. గేయంలో ఒకచోట

పూను స్పర్థను విద్యలందే
వైరములు వాణిజ్యమందే

అని ఉంది. మరోచోట ఒరుల మేలుకు సంతోషించు, పొరుగువానికి తోడుపడు, చెట్టపట్టాలు పట్టుకుని నడువు అని ఉంది. పోటీ పడమన్నాడా, కలిసి నడవమన్నాడా? రెండూ పొసగనట్టు కనిపిస్తాయి. ఎక్కువమంది దీన్ని చూడరు. చూసినవారిలో కొందరు భయపడి మొదటిదాన్ని వదిలేస్తారు. నువ్వు మాత్రం ఎదురుగా నిలబడి అడుగు, జవాబు అక్కడే ఉంది. వెంటనే వచ్చే పాదాలు ‘వ్యర్థ కలహం పెంచబోకోయ్, కత్తి వైరం కాల్చవోయ్’. అంటే కవి పోటీని కాదనలేదు; అది ఎక్కడ ఉండాలో గీత గీశాడు. చదువులో పోటీ వల్ల చదువు పెరుగుతుంది, వ్యాపారంలో పోటీ వల్ల సరుకు పెరుగుతుంది, అది చివరికి మనుషులకే మేలు. కత్తితో పోటీ వల్ల మనుషులే పోతారు. ఓర్వలేమి ఈ రెండూ కాదు: తాను ఎదగకుండా ఎదుటివాడి కలిమికి ఏడవడం. దాన్ని ఆయన దేశం మూలుగులు పీల్చేసే పిశాచి అన్నాడు. ఎముకలోని మూలుగును పీల్చేది బయటి శత్రువు కాదు, లోపలి జబ్బు.

చూశావా, పొసగవనిపించిన రెండు మాటలూ నీ పెద్ద వాక్యంలోని ‘మేలు’ దగ్గర కలిశాయి. ఇలాంటి చోటు ఒకటి దొరికి, దాన్ని ఆరేడు వాక్యాల్లో విప్పగలిగితే దిద్దేవారి కలం కాసేపు ఆగుతుంది. మతం, జాతి గురించిన పాదాలను ఈ పేరా చివర ఒక వాక్యంలో కలుపుకో: ‘మతం వేరైతేను యేమోయ్’ అన్నది కూడా అదే కొలతతో కొలిచిన మాటే, మనుషులు ముఖ్యమైనప్పుడు వారిని విడదీసేవి ముఖ్యం కావు.

మొదటి అంగం పేరాను నీకే వదిలేస్తున్నాను. ఒక సూచన మాత్రం: ‘దేశమంటే మట్టికాదోయ్’ను ఒంటరిగా ఉటంకించవద్దు. దాని పైన ఉన్న ‘స్వంత లాభం కొంత మానుకు పొరుగువానికి తోడుపడవోయ్’తో కలిపి చూడు. ‘కొంత’ అన్నాడు, మొత్తం అనలేదు. త్యాగమూర్తులను అడగడం లేదు, మామూలు మనిషిని అడుగుతున్నాడు. ఆ ‘కొంత’ మీద రెండు వాక్యాలు రాయగలిగితే మొదటి పేరా నిలబడినట్టే.

తర్వాత రూపం గురించి ఒక చిన్న పేరా. ఛందస్సు పేరు చెప్పి ఊరుకుంటే మార్కు రాదు. అది భావానికి ఎలా తోడ్పడిందో చెప్పాలి. ఇది మాత్రాఛందస్సు, మూడు నాలుగు మాత్రల మిశ్రగతి: దేశ, మునుప్రే, మించు, మన్నా. నడుస్తూ పాడుకోవడానికి వీలైన నడక. ‘కట్టిపెట్టోయ్’, ‘మనుషోయ్’ అని పాదాల చివర ‘ఓయ్’ పెట్టి పక్కవాడి భుజం తట్టినట్టు పిలుస్తాడు. మనుషులే దేశమన్న కవి ఆ మనుషులు మాట్లాడే భాషలో రాశాడు. ఇంతే, నాలుగు వాక్యాలు.

ముగింపులో చెప్పిందే మళ్లీ చెప్పకు. గేయం చివర ఉన్న చెట్టును చివరికోసం దాచుకో. దేశమనే దొడ్డ వృక్షం ప్రేమలను పూలెత్తాలి, దాని మూలం నరుల చెమటతో తడవాలి, ధనం పంటలు పండాలి, ఆకుల్లో అణగిమణగి కవిత కోవిల పలకాలి. నీ మూడు అంగాలూ ఇందులో ఉన్నాయి: చెమట, పంట, ప్రేమ. ఇంకొకటి చూడు. మొదటి చరణం దేశాన్ని ప్రేమించమని అడుగుతుంది. చివరి చరణంలో కోవిల పలుకులు విని దేశమందు అభిమానాలు మొలకెత్తాలంటాడు. చెట్టుకు చెమట తడి, పంట, పూలు అన్నీ అయ్యాక చిట్టచివరికి వచ్చేది అభిమానం. ఈ ఒక్క పరిశీలనతో ముగిస్తే చాలు. ‘కాబట్టి మనమందరం దేశాన్ని ప్రేమించాలి, జై హింద్’ అన్న వాక్యం రాయవద్దు. అది ‘వట్టి మాటలు’ కిందికే వస్తుంది. గురజాడ గేయం మీద రాసిన జవాబులో అది ఉంటే మరీ ఎబ్బెట్టు.

సమయం సంగతి. మూడు గంటల్లో అయిదు వ్యాసాలు, అయిదు చిన్న జవాబులు రాయాల్సిన పేపరైతే వ్యాసానికి ఇరవై అయిదు నిమిషాలు పెట్టుకో. అందులో నాలుగు నిమిషాలు చిత్తుకు, ఇరవై రాతకు, మిగిలిన ఒక నిమిషం పేరాల మొదటి వాక్యాలను మాత్రమే వరుసగా చదువుకోవడానికి. ఆ వాక్యాలు చదివితే నీ వాదం అర్థమవుతోందంటే నిర్మాణం సరిగ్గా ఉన్నట్టు. ‘తర్వాత కవి ఇలా అన్నాడు’, ‘ఇంకా కవి ఇలా చెప్పాడు’ అని వస్తున్నాయంటే మళ్లీ సారాంశంలోకి జారినట్టు. ఇంకో పరీక్ష: గేయం పేరు, ఉటంకింపులు చేత్తో మూసి పేరా చదువు. అది ఏ దేశభక్తి గేయానికైనా సరిపోతోందా? అయితే అందులో గురజాడ లేడు, తీసేయి. చేతిరాత మామూలుగా ఉంటే మొత్తం రెండున్నర, మూడు పేజీలు అవుతుంది. నాలుగు అక్కరలేదు. పాఠభేదాలు ఉంటాయి కాబట్టి ఉటంకింపులను మీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాయి. ఒక పాదం సరిగ్గా గుర్తులేకపోతే కొటేషన్ గుర్తులు పెట్టకుండా భావం రాయడం నయం.

ఈ పద్ధతి యథాతథంగా అన్నిటికీ పనికిరాదు. యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్న జిల్లాలో చదువుతున్నావు కాబట్టి వేమన పద్యం అడిగితే ఎలా అని నువ్వే అడుగుతావు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ పద్యాన్నే తీసుకో. మొదటి రెండు పాదాలు దృష్టాంతం, మూడో పాదం ‘పురుషులందు పుణ్య పురుషులు వేరయా’ అసలు మాట, నాలుగోది మకుటం. ఆటవెలదిలో భావాన్ని కవే మూడో పాదంలో చేతికి అందించాడు కాబట్టి రెండు వరుసల చిత్తు అవసరం లేదు. అక్కడ నీ శ్రమంతా దృష్టాంతం మీద పెట్టాలి: చూపుకు ఒకటిగా ఉన్నవాటిని రుచి ఎలా విడదీస్తోంది, మనిషి విషయంలో ఆ ‘రుచి చూడటం’ అంటే ఏమిటి అని. అంత చిన్న పద్యాన్ని సాధారణంగా పది మార్కులకు అడగరు కూడా.

పరీక్షలో టైము చాలకపోతే రూపం పేరాను వదిలేయి, చెట్టు పేరాను మాత్రం వదలకు. ముందుగా ఇంట్లో మూడు నడుమ పేరాలకు మొదటి వాక్యాలు రాసుకో. అవి ఇక్కడ పెడితే చూసి చెబుతాను. పేరాలు మొత్తం పెట్టనవసరం లేదు, ఆ మూడు వాక్యాలు చాలు.